గొంతా, అక్షరమా, ముఖమా?

మా అక్క కొడుకు గుంటూరులో ఉంటాడు. మందుల షాపులవాళ్లు బిల్లు కొట్టుకోవడానికి, స్టాకు చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. 2025 వేసవిలో దానికి ఒక ప్రకటన చేయించాడు. నిమిషం నిడివి. వెనక హుషారైన సంగీతం, ముందు రంగురంగుల ఇంగ్లీషు అక్షరాలు ఎగురుకుంటూ వచ్చి పడటం, ఒకదాని వెనక ఒకటిగా పద్నాలుగు సదుపాయాల పేర్లు. దాన్ని తెనాలిలో ఒక మందుల షాపాయనకు ఫోన్లో పంపి, పక్కనే నిలబడి చూపించాడు. కౌంటరు దగ్గర జనం ఉన్నారని ఆయన శబ్దం తీసేసి చూశాడు. అయ్యాక ఫోను తిరిగి ఇచ్చి, "బాగుంది బాబూ. ఇంతకీ ఇది ఏం చేస్తుంది?" అన్నాడు.

వాడు ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, ఈసారి గొంతు పెట్టిద్దామా? లేకపోతే కెమెరా ముందు నేనే కూర్చుని మాట్లాడనా?" చిన్న కంపెనీలకు ఇలాంటి వీడియోలు చేసిపెట్టడం కొన్నేళ్లుగా నా పని. ఈ ప్రశ్న నాకు నెలకు రెండుసార్లైనా ఎదురవుతుంది. దాదాపు ప్రతిసారీ దాని వెనక ఉండేది ఒకటే: ఏది చూడటానికి గొప్పగా ఉంటుంది? ఇదే ఇబ్బందిలో పడ్డ ఇతర దేశాల చిన్న కంపెనీలు ముందుగా వేసుకున్న ప్రశ్న వేరు. కొనేవాడికి ఎక్కడ నమ్మకం కుదరడం లేదు, అతను దీన్ని ఎక్కడ నిలబడి చూస్తాడు అని అడిగాయి. ఆ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో డ్రాప్‌బాక్స్ కథలో బాగా కనిపిస్తుంది.

డ్రాప్‌బాక్స్ ఇవాళ పెద్ద కంపెనీ. 2007, 2008 నాటికి మాత్రం డ్రూ హ్యూస్టన్ అనే కుర్రాడూ, అతనితో ఇంకొద్దిమందీ. వాళ్ల సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఒక కంప్యూటర్లో ఫోల్డరులో పెట్టిన ఫైలు ఇంకో కంప్యూటర్లో దానంతటదే కనిపిస్తుంది. కానీ ఆ వాక్యం వింటే అప్పట్లో ఎవరికీ ఆసక్తి పుట్టేది కాదు. ఇలాంటివి ఇదివరకే చాలా వచ్చాయి, ఏదీ సరిగ్గా పనిచేయలేదు అన్నది జనం అనుభవం. అంటే కొనేవాడి అనుమానం "ఇది ఏమిటి" అన్న దగ్గర లేదు, "ఇది నిజంగా పనిచేస్తుందా" అన్న దగ్గర ఉంది. హ్యూస్టన్ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం, వెతుకులాట పేజీల్లో ప్రకటనలకు డబ్బు పెడితే ఒక్కో కొనుగోలుదారుకు 233 నుంచి 388 డాలర్లు పడింది. అమ్మే సరుకు ధరేమో 99 డాలర్లు.

అతను చేసిన వీడియోలో నటులు లేరు, ముఖం లేదు. తన కంప్యూటర్ తెరను రికార్డు చేశాడు. దాని మీద తన గొంతుతోనే, పక్కన కూర్చున్న స్నేహితుడికి చూపిస్తున్నట్టు మాట్లాడాడు. ఫైలు ఇక్కడ వేస్తున్నాను, చూడండి అక్కడ వచ్చింది. మూడు నాలుగు నిమిషాల వీడియో అది. 2008 మార్చిలో డిగ్ అనే సైటుకు వచ్చే సాంకేతిక రంగం మనుషులను దృష్టిలో పెట్టుకుని చేశాడు. వాళ్లు మాత్రమే గుర్తుపట్టే చమత్కారాలను తెర మీద కనిపించే ఫైళ్లలో దాచాడు. ఒక్క రాత్రిలో ఎదురుచూసేవాళ్ల జాబితా 5,000 నుంచి 75,000కు పెరిగిందని అతనే చెప్పాడు.

ఈ కథను మనవాళ్లు చెప్పుకునేటప్పుడు ఆ 75,000 దగ్గర ఆగిపోతారు. నాకు దానికన్నా విలువైనదిగా కనిపించేది ఆ గొంతు. అది శిక్షణ పొందిన గొంతు కాదు, తయారుచేసినవాడి గొంతు. తెర మీద చెయ్యి ఏం చేస్తోందో నోరు అదే చెబుతోంది. చూసేవాడికి "ఇది నిజంగా జరుగుతోంది" అన్న నమ్మకం ఆ రెండూ కలవడం వల్లే వచ్చింది. అవే మాటలను అక్షరాలుగా తెర మీద వేసి ఉంటే, అక్షరాలు చదివేలోపు ఫైలు కదిలిపోయేది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు చెప్పేదీ ఇదే. కదిలే బొమ్మకు వివరణ తోడైనప్పుడు, అది చెవికి అందితే మనిషి బాగా నేర్చుకుంటాడు. కంటికే అందితే బొమ్మకూ అక్షరానికీ మధ్య కన్ను చీలిపోతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. చూసేవాడికి మాట కొత్తదైనా, సాంకేతికమైనదైనా ఆ ఒక్క మాటను రాసి చూపించడం మేలు చేస్తుంది.

మన దగ్గర గొంతు పెట్టించడం అంటే స్టూడియోకు వెళ్లి, రేడియో ప్రకటనల్లో వినిపించే బరువైన గొంతును అద్దెకు తెచ్చుకోవడం. డబ్బింగులో మనవాళ్ల పనితనం తక్కువేం కాదు. పరభాషా నటుడి పెదవుల మీద తెలుగు మాటను అతికించి, అది అతనిదే అనిపించగల కళాకారులు చెన్నైలోనూ హైదరాబాదులోనూ తరాలుగా ఉన్నారు. ఇంత మంచి చెవి ఉన్న జాతి, సాఫ్ట్‌వేర్ ప్రకటన దగ్గరకు వచ్చేసరికి "మీ ఔషధ విక్రయశాలకు సమగ్ర పరిష్కారం" అని రాసి చదివిస్తోంది. ఏ షాపాయనా తన షాపును ఔషధ విక్రయశాల అనుకోడు. బ్యాచ్ నంబరు, స్ట్రిప్పు, లూజు టాబ్లెట్లు, ఎక్స్‌పైరీ, రిటర్ను. ఇవీ ఆయన మాటలు. స్క్రిప్టు రాసినవాడు కౌంటరు దగ్గర అరగంట నిలబడి ఉంటే ఆ మాటలు వాటంతటవే వచ్చేవి. తప్పు గొంతుది కాదు, రాతది.

డ్రాప్‌బాక్స్ అక్కడితో ఆగలేదు. కొన్నాళ్లకు వాళ్లకు సాంకేతిక రంగం వాళ్లే కాక మామూలు జనమూ కావలసి వచ్చారు. ఈ కొత్తవాళ్ల అనుమానం వేరు: అసలు ఇది ఏమిటి? అప్పుడు తెర రికార్డింగును పక్కన పెట్టి, సియాటిల్‌లో కామన్ క్రాఫ్ట్ అనే పేరుతో పనిచేసే లీ లెఫీవర్, సాచి లెఫీవర్ అనే దంపతుల దగ్గరకు వెళ్లారు. వాళ్ల పద్ధతి చూస్తే మన ఊళ్లో ఎవరైనా చేయగలరనిపిస్తుంది. తెల్లని బల్ల మీద కాగితం బొమ్మలు, పైనుంచి కిందికి చూసే కెమెరా, బొమ్మలను జరిపే రెండు చేతులు, నెమ్మదైన గొంతు. 2007 ఏప్రిల్లో ఆరెసెస్ గురించి అలా చేసిన చిన్న వీడియోతోనే వాళ్లకు పేరొచ్చింది. డ్రాప్‌బాక్స్ వాళ్లు తమ సైటు మొదటి పేజీలో ఇలాంటి వీడియోనే పెట్టుకున్నారు. రెండిట్లోనూ గొంతే ఉంది. కానీ గొంతు కింద కనిపించేది మారింది. పనిచేస్తుందా అన్నవాడికి అసలు తెర చూపించారు. ఏమిటిది అన్నవాడికి కాగితం బొమ్మలు చూపించారు.

తెనాలి షాపాయన అడిగింది రెండో ప్రశ్నలా వినిపిస్తుంది గానీ, నిజానికి అది మొదటిదే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో ఆయనకు బాగా తెలుసు. ఇదివరకు రెండు వాడి వదిలేశాడు కూడా. ఆయన అడిగింది, వాటికన్నా ఇది ఏం ఎక్కువ చేస్తుందని. కాబట్టి తెర చూపించాలి, దాని మీద గొంతు ఉండాలి. ఇంతవరకు తేలిపోయింది. చిక్కల్లా ఆయన శబ్దం తీసేసి చూడటంలో ఉంది.

శబ్దం లేని చోట ప్రకటన ఎలా చేయాలో టోక్యో రైళ్లను చూసి నేర్చుకోవచ్చు. అక్కడి యమనోటె లైనులో 2002 నుంచి తలుపుల పైన చిన్న తెరలు పెట్టి ప్రకటనలు వేస్తున్నారు. వాటికి శబ్దం ఉండదు. బండి కిక్కిరిసి ఉన్నా నిశ్శబ్దంగా ఉండటం అక్కడి మర్యాద. టీవీ కోసం చేసిన ప్రకటననే తెచ్చి అక్కడ వేస్తే నోళ్లు కదిలే బొమ్మలే మిగులుతాయి. అందుకని రైలు తెర కోసం మాటలను అక్షరాలుగా మార్చి వేస్తారు. గొంతు చెప్పవలసినదంతా అక్షరమే మోయాలని మొదటి నుంచీ ఒప్పుకుని చేసే పని అది.

ఫోన్లోనూ పరిస్థితి అలాంటిదే. ఫేస్‌బుక్ 2016లో బయటపెట్టిన తన సొంత పరీక్షల్లో, శబ్దం లేకుండా చూస్తే 41 శాతం వీడియో ప్రకటనలకు అర్థమే లేకుండా పోయింది. కింద అక్షరాలు వేస్తే చూసే సమయం సగటున 12 శాతం పెరిగింది. ప్రకటనలు అమ్ముకునే కంపెనీ చెప్పిన లెక్క కాబట్టి ఆ 12ను పట్టుకుని ఊగక్కర్లేదు. ఆ 41 మాత్రం మనం ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. మీ ప్రకటనను శబ్దం తీసేసి, దాని గురించి ఏమీ తెలియని మనిషికి చూపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. తెనాలి షాపాయన మాకు ఆ పరీక్ష అడగకుండానే చేసిపెట్టాడు.

అక్షరం ఒంటరిగా ఎంత మోయగలదో గూగుల్ 2010 ఫిబ్రవరి 7న సూపర్ బౌల్ ఆటలో వేసిన ప్రకటన చూపించింది. ఆ సమయం కొనడానికి అయిన ఖర్చు మనలాంటివాళ్ల ఊహకు అందదు గానీ, ప్రకటనలో ఉన్నది మాత్రం ఒక వెతుకులాట పెట్టె, అందులో ఎవరో టైపు చేస్తున్న మాటలు, వెనక పియానో. చదువుకోవడానికి పారిస్ వెళ్లాలనుకున్న మనిషి ప్రేమలో పడి, అక్కడే ఉద్యోగం వెతుక్కుని, పెళ్లి చేసుకుని, చివరికి పసిపిల్లల ఊయల బిగించడం ఎలాగో వెతుకుతాడు. వివరించే గొంతు లేదు, ముఖం లేదు. అది అంత బాగా కుదరడానికి కారణం ఒకటుంది. ఆ అక్షరాలు సాఫ్ట్‌వేర్ గురించిన వ్యాఖ్యానం కావు, సాఫ్ట్‌వేరే. చూసేవాడు చదువుతున్నది ఆ వస్తువును వాడటాన్నే. మన ప్రకటనల్లో ఎగిరొచ్చే అక్షరాలు వస్తువు బయట నిలబడి దాన్ని పొగుడుతుంటాయి.

తెలుగు అక్షరం దగ్గరకు వచ్చేసరికి పరాయి కొలతలను అలాగే తెచ్చుకోకూడదు. బీబీసీ తన ఉపశీర్షికలకు పెట్టుకున్న వేగం నిమిషానికి 160 నుంచి 180 మాటలు. అంటే ఒక్కో మాటకు సుమారు సెకనులో మూడోవంతు. ఇంగ్లీషులో ఆరు మాటలు పట్టే సంగతిని తెలుగులో "గడువు ముగియబోతున్న మందుల జాబితా" అని నాలుగు మాటల్లో చెప్పేస్తాం. బీబీసీ లెక్క వేస్తే ఇంగ్లీషు వాక్యానికి రెండు సెకన్ల పైన వస్తుంది, తెలుగు వాక్యానికి సెకనున్నర కూడా రాదు. కానీ మన మాట పొడవు. విభక్తీ కాలమూ అన్నీ దాని తోకకే అతుక్కుని ఉంటాయి. సెకనున్నరలో మా షాపాయన "ముగియబోతున్న" దగ్గరే ఉంటాడు. పైగా బీబీసీ కొలత తెర మీద మనుషులు మాట్లాడుతుంటే ఆ మాటలకు వేసే అక్షరాలకు. మనం చేసేది శబ్దం లేని తెర, అందులో ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ కదులుతూ ఉంటుంది. నేను పాటించే పద్ధతి సులువైనది. వాక్యాన్ని మామూలు వేగంతో పైకి రెండుసార్లు చదువుతాను. ఎంతసేపు పడితే అంతసేపు తెర మీద ఉంచుతాను. పైన చెప్పిన వాక్యానికి నాకు ఐదు సెకన్లు పట్టింది. ముప్పై సెకన్ల ప్రకటనలో అలాంటివి ఆరు పడతాయి. పద్నాలుగు సదుపాయాలు ఎందుకు పట్టవో అర్థమైంది కదా.

ఇంకో కష్టం అక్షరాల కూర్పులో వస్తుంది. వీడియో ఎడిటింగు సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపులకు వేరే అమరిక ఎంచుకోవలసినవి ఉన్నాయి. అది ఎంచుకోకపోతే ఒత్తులు కింద చేరవు. "స్టాకు" అన్న మాట స పొల్లుగా, పక్కనే టా నిలబడి విరిగిపోతుంది. కూర్చేవాడికి తెలుగు చదవడం రాకపోతే ఆ తప్పు వాడి కంట పడదు. వాడి దృష్టిలో అవి అన్నీ గుండ్రని గీతలే. కాబట్టి పూర్తయిన వీడియోను తెలుగు చదివే మనిషి కంప్యూటర్లో కాక, మామూలు ఫోన్లో, వాట్సాప్ ద్వారా వచ్చాక ఒకసారి చూడాలి. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది. సన్నని గీతల ఫాంటు ఆ కుదింపులో అలుక్కుపోతుంది, తలకట్టులు మాయమవుతాయి. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర లాంటి బలమైన గీతల ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. రెండు వరుసలు వేస్తే మధ్య చోటు ఇంగ్లీషుకన్నా ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో ఇరుక్కుంటుంది.

ఇక ముఖం. కెమెరా ముందు కూర్చుని మాట్లాడటం అన్నిటికన్నా చవక అని అందరూ అనుకుంటారు. డాలర్ షేవ్ క్లబ్ మైకేల్ డూబిన్‌ను ఉదాహరణగా చూపిస్తారు. 2012 మార్చిలో 4,500 డాలర్లతో ఒక్క రోజులో తీసిన వీడియో అది. తొలి 48 గంటల్లో 12,000 ఆర్డర్లు వచ్చాయి. అది షేవింగ్ బ్లేడ్ల వ్యాపారం, సాఫ్ట్‌వేర్ కాదు. తెర చూపించవలసిన అవసరమే లేదు. అంతకన్నా పెద్ద సంగతి, డూబిన్ అప్పటికే న్యూయార్కులో ఏళ్ల తరబడి ఆశువుగా నటించే హాస్య నాటకాల్లో తర్ఫీదు పొందాడు. ఆ 4,500 డాలర్ల లెక్కలో ఆ ఏళ్లు పడలేదు. నా మేనల్లుణ్ణి కూర్చోబెట్టి తీస్తే, వాడి కళ్లు ప్రతి రెండో మాటకూ కెమెరా పక్కన అంటించిన కాగితం మీదకు పోయాయి. మంచి కుర్రాడు, నిజమే చెబుతున్నాడు, చూస్తే మాత్రం ఏదో దాస్తున్నట్టు ఉంది. పదకొండుసార్లు తీశాం.

అయినా ముఖాన్ని పూర్తిగా తీసేయలేదు. షాపాయనల్లో ఇంకో అనుమానం ఉంది, దాన్ని గొంతూ అక్షరమూ తీర్చలేవు. రేపు ఇది ఆగిపోతే ఎవరొస్తారు? తెనాలి షాపాయన ఇదివరకు వాడిన రెండు సాఫ్ట్‌వేర్లనూ వదిలేసింది అందుకే. ఎక్కడో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉండేవాడు కాదు. ఆ అనుమానానికి జవాబు ఒక మనిషి ముఖం, అతని ఊరి పేరు. దానికి ఆరు సెకన్లు చాలు, రెండు వాక్యాలు చాలు. రెండు వాక్యాలకు కాగితం అక్కర్లేదు.

అలా కుదిరిన ప్రకటన మొత్తం నలభై సెకన్లు. పద్నాలుగు సదుపాయాల్లోంచి ప్రధానంగా ఒక్కటి తీసుకున్నాం: గడువు ముగియబోయే మందులను మూడు నెలల ముందే చూపించడం. మొదటి మూడు సెకన్లలో అరలోంచి ఒక చెయ్యి స్ట్రిప్పు తీస్తుంది, దాని వెనక అచ్చయిన తేదీ దగ్గరగా కనిపిస్తుంది. గొంతు "ఇది పోయిన నెలతో అయిపోయింది" అంటుంది. తెర మీద "డేటు అయిపోయింది" అన్న రెండే మాటలు. యూట్యూబులో ఐదు సెకన్లకు దాటేసే వీలుంటుంది కాబట్టి, ఆలోపే షాపాయన తన నష్టాన్ని తాను గుర్తుపట్టాలి. కంపెనీ పేరూ గుర్తూ మొదట వేయాలని మేనల్లుడు పట్టుబట్టాడు. ఎవరికీ తెలియని పేరుకు ఆ మూడు సెకన్లు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. చివరికి నా మాటే ఒప్పుకున్నాడు.

తర్వాత ఏడు సెకన్లు, డిస్ట్రిబ్యూటరు వెనక్కి తీసుకునే గడువు దాటిపోతే ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోతుందో గొంతు చెబుతుంది. ఆ తర్వాత పద్దెనిమిది సెకన్లు సాఫ్ట్‌వేర్ తెర. ఇక్కడ మొదటిసారి పొరపాటు చేశాం. కంప్యూటర్ తెర మొత్తాన్ని రికార్డు చేసి పెట్టాం. ఫోన్లో చూస్తే మందుల పేర్లు చీమల బారులా ఉన్నాయి. మళ్లీ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్లోనే అక్షరాల పరిమాణం పెంచి, నొక్కే బటన్ చుట్టూ ఉన్న భాగాన్నే దగ్గరకు తెచ్చి చూపించాం. మూడే కదలికలు: బటన్ నొక్కడం, జాబితా రావడం, రిటర్ను చీటీ అచ్చవడం. ప్రతి కదలిక తర్వాత ఒక సెకను ఏమీ జరగదు. ఆ సెకను లేకపోతే చూసేవాడి కన్ను వెనకబడిపోతుంది. ఆ మొదటి రికార్డింగులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అది నిజమైన షాపు నుంచి తీసుకున్న డేటా. తెర మీద మనుషుల పేర్లు, వాళ్లు కొన్న మందులు కనిపిస్తున్నాయి. ఒక మనిషి ఏ మందు వాడుతున్నాడో ఊరంతా చూసే ప్రకటన ఎవరూ తీయకూడదు. రెండోసారి ఉత్తుత్తి పేర్లతో వేరే డేటా తయారుచేసుకున్నాకే రికార్డు చేశాం.

మరో ఆరు సెకన్లు లూజు టాబ్లెట్లకు బిల్లు కొట్టడం. ఆఖరి ఆరు సెకన్లు వాడి ముఖం: "నేను గుంటూరులోనే ఉంటా. మీ పాత స్టాకు నేనే వచ్చి ఎక్కించి ఇస్తా." కింద ఫోన్ నంబరు.

గొంతు వాడిదే. తెర రికార్డు చేయడానికి ఓబీఎస్, గొంతును కోసి అతకడానికి ఆడాసిటీ వాడాం. రెండూ ఉచితం. కొన్నది పదిహేను వందల రూపాయల కాలరు మైకు ఒక్కటే. బీరువా తలుపులు తెరిచి, బట్టలకు ఎదురుగా నిలబెట్టి, ఫ్యాను ఆపించి చెప్పించాను. వట్టి గోడలున్న గదిలో చెబితే గొంతు వెనక డబ్బాలోంచి వచ్చినట్టు మోత వినిపిస్తుంది. దాన్ని తర్వాత శుభ్రంగా తీయడం కష్టం. ముందుగా రాసుకున్న స్క్రిప్టు చదివితే యాభై ఎనిమిది సెకన్లు వచ్చింది. వేగంగా చదవమనకుండా, మాటలు తీసేశాం. తెర మీద చెయ్యి చేస్తున్నది కనిపిస్తున్నప్పుడు "ఇప్పుడు మీరు ఈ బటన్ నొక్కాలి" అనక్కర్లేదు. "మూడు నెలల్లో పోయేవి ఇవీ" అంటే చాలు. ఆ వాక్యం చెబుతున్నప్పుడు కింద అక్షరాల్లో మొత్తం వాక్యం వేయలేదు, "3 నెలల్లో ఎక్స్‌పైరీ" అని మాత్రమే వేశాం. శబ్దం వినేవాడి కన్ను తెర మీదే ఉంటుంది, శబ్దం తీసేసినవాడికి దారి తప్పదు.

పూర్తయ్యాక తెనాలి షాపాయనకే మళ్లీ చూపించాం, శబ్దం తీసేసి. ఈసారి ఆయన మధ్యలోనే ఫోను ఆపి, "రిటర్ను చీటీ మీద బ్యాచ్ నంబరు పడుతుందా?" అన్నాడు. ఏమిటిది అన్న ప్రశ్న పోయి, వాడబోయేవాడి ప్రశ్న వచ్చింది. పనికొచ్చే ప్రకటనను గుర్తుపట్టడానికి ఫోన్ల సంఖ్యకన్నా ఇదే నాకు నమ్మకమైన గుర్తు. వారానికి ఆరు ఫోన్లు వచ్చిన ప్రకటనకూ తొమ్మిది వచ్చిన ప్రకటనకూ తేడా ఉందో లేదో అంత చిన్న లెక్కల్లో చెప్పలేం. అడిగే ప్రశ్న మారితే మాత్రం తెలిసిపోతుంది.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. చాలా మందుల మీద 12 శాతం ఉన్నది 5 శాతమైంది. మా ప్రకటనలో బిల్లు తెర మీద పాత రేటు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రోజుతో అది తప్పు బిల్లు చూపించే ప్రకటన అయిపోయింది. ఎగిరే అక్షరాల పాత వీడియోలోనూ ఆ 12 ఉంది గానీ, దాని మూల ఫైలు చేసిచ్చినవాళ్ల దగ్గరే ఉండిపోయింది. మళ్లీ చేయించాలంటే మొదటి నుంచీ డబ్బు కట్టాలి. వాడు ముఖం చూపిస్తూ "పన్నెండు శాతం జీఎస్టీ దానంతటదే పడుతుంది" అన్న ఒక టేకు కూడా ఉండేది. అది ఉంచి ఉంటే అదే చొక్కా, అదే వెలుతురు వెతుక్కుని మళ్లీ తీయాల్సి వచ్చేది. అదృష్టం, మేం ఉంచిన గొంతులో అంకె లేదు. "జీఎస్టీ దానంతటదే పడుతుంది" అని మాత్రమే ఉంది. ఆరు సెకన్ల తెరను కొత్త రేటుతో రికార్డు చేసి పాత గొంతు కింద పెట్టాం. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే పదిన్నరకు అయిపోయింది.

మర్నాడు తెనాలి షాపాయనే ఫోన్ చేశాడు. "బాబూ, పాత రేటు వేసి కొన్న స్టాకు అరల నిండా ఉంది. దానికి బిల్లు ఎట్లా కొట్టాలి?" మేనల్లుడు ఆ ప్రశ్నను ఒక కాగితం మీద అచ్చంగా ఆయన మాటల్లోనే రాసుకున్నాడు. రెండో ప్రకటనలో మొదటి మూడు సెకన్లు అవే.